38వ స్లైడులో ఉండిపోయిన జవాబు

రాత్రి ఎనిమిదిన్నరకి ఆ ఇంటర్న్ చేతికి ఫైలు వచ్చింది. పేరు `Curd_Returns_v17_FINAL.pptx`. మొత్తం 43 స్లైడ్లు. మర్నాడు ఉదయం పది గంటలకి క్లయింటుతో మీటింగు. మేనేజర్ ఒక్క మాట చెప్పి ఎయిర్‌పోర్టుకి బయల్దేరింది: "ఫాంట్లు, అంచులు, పేజీ నంబర్లు ఒకసారి సరిచూసి పెట్టమ్మా. విషయం అంతా అయిపోయింది."

విషయం అయిపోలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడమే ఈ వ్యాసం పని. ఇందులోని అమ్మాయి, ఆఫీసు, పాల కంపెనీ, అంకెలు అన్నీ నేను అల్లిన కథ. ఆమె చేసిన పని మాత్రం కల్పన కాదు. కన్సల్టింగ్ ఆఫీసుల్లో మీటింగు ముందు రాత్రి నిజంగా చేసే పని అది, అదే వరసలో. హైదరాబాదులో ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలకి మొదటి నెలల్లోనే ఈ పని ఎదురవుతుంది. కాలేజీలో మాత్రం ఎవరూ నేర్పరు.

ముందుగా డెక్ అనే మాట గురించి. పేక కట్టను ఇంగ్లీషులో డెక్ అంటారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన స్లైడ్ల కట్టకీ అదే పేరు వచ్చింది. మామూలుగా మనం పీపీటీ అనేది దీన్నే. మీటింగు గదిలో గోడ మీద వేసి చూపిస్తారు, తర్వాత క్లయింటు చేతికిస్తారు. రెండు మూడు నెలల పని మొత్తం క్లయింటుకి కనిపించే రూపం ఇదొక్కటే.

కథలోని క్లయింటు కోస్తా జిల్లాల్లో పాలు, పెరుగు అమ్మే ఒక డెయిరీ. వాళ్ల బాధ రిటర్న్స్. పొద్దున వ్యాన్లో వెళ్లిన పెరుగు ప్యాకెట్లలో కొన్ని అమ్ముడుపోక, పులిసిపోయి, కొట్ల నుంచి వెనక్కి వచ్చేస్తున్నాయి. ఎందుకు వస్తున్నాయో, ఏం చేస్తే తగ్గుతాయో చెప్పమని కన్సల్టెంట్లని పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి ఫాంట్లు సరిచేయడానికే కూర్చుంది. పన్నెండో స్లైడు దగ్గర ఆగిపోయింది. ఇంతవరకూ ఏం చదివానని తనని తాను అడిగితే జవాబు రాలేదు. అప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని 43 స్లైడ్ల శీర్షికలూ వరసగా రాసింది. అసలు డెక్ ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ తెలుగులో చెబుతాను: నేపథ్యం, పరిధి, పని విధానం, మార్కెట్ స్థూలచిత్రం, డేటా విశ్లేషణ 1, డేటా విశ్లేషణ 2, డేటా విశ్లేషణ 3, ఏజెంట్లతో సంభాషణలు, ప్లాంటు పరిశీలన, మళ్లీ ప్లాంటు పరిశీలన. ఏం చేయాలన్నది మొదటిసారి కనిపించింది 38వ స్లైడులో.

అంత వెనక్కి ఎలా వెళ్లిందో ఆలోచిస్తే ఈ జబ్బు అర్థమవుతుంది. బద్ధకంతో ఎవరూ అలా పెట్టలేదు. బృందం మొదటి వారం మార్కెట్ చదివింది, రెండో వారం డేటా తెచ్చుకుంది, మూడో వారం ఏజెంట్లని కలిసింది, తర్వాత ప్లాంటుకి వెళ్లింది. ఏ రోజు చేసిన పనికి ఆ రోజే స్లైడ్లు వేసుకుంటూ పోయారు. చివరికి డెక్కులో మిగిలింది వాళ్ల పని దినచర్య. రాసినవాళ్లకి అది స్పష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ వారాలన్నీ వాళ్లు గడిపారు. గదిలో కూర్చునే డెయిరీ యజమాని గడపలేదు. ఆయనకి కావలసింది తన పెరుగు ఎందుకు వెనక్కి వస్తోందన్న జవాబు. అది 38వ స్లైడు దాకా ఆగితే, గంట మీటింగులో నలభయ్యో నిమిషం దాకా ఆగినట్టే.

ఈ విషయాన్ని చాలాకాలం కిందటే గట్టిగా చెప్పిన మనిషి బార్బరా మింటో. 1963లో హార్వర్డ్‌లో ఎంబీఏ ముగించి మెకిన్సీ కంపెనీలో చేరిన అమెరికన్ ఆవిడ. తోటి కన్సల్టెంట్ల నివేదికలు సరిదిద్దుతూ సరిదిద్దుతూ ఒక పద్ధతికి వచ్చింది. దాన్నే పిరమిడ్ ప్రిన్సిపుల్ అంటారు. శిఖరం మీద ఒకే ఒక్క వాక్యం, అదే జవాబు. దాని కింద, ఆ జవాబు విన్న మనిషి వెంటనే అడిగే ప్రశ్నకి సమాధానంగా మూడు నాలుగు వాక్యాలు. వాటి కింద ఆధారాలు. ఆలోచించేటప్పుడు మనం ఆధారాల నుంచి జవాబుకి ఎక్కుతాం, చెప్పేటప్పుడు జవాబు నుంచి ఆధారాలకి దిగాలి. ఇప్పటికీ కన్సల్టింగ్ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది ఇదే.

మన ఇంటర్న్‌కి ఇది పుస్తకంగా తెలుసు. అయినా మొదటి ప్రయత్నం తప్పింది. 43 స్లైడ్లనూ ఆరేసి చొప్పున చిన్న బొమ్మలుగా అచ్చు తీసి, కత్తిరించి, బల్ల మీద మూడు కుప్పలు పోసింది: ప్లాంటు, రూట్లు, కొట్లు. చూడటానికి చక్కగా ఉంది. కానీ ప్లాంటు కుప్పలో ఉన్నవన్నీ కలిసి ఏం చెబుతున్నాయంటే ఏమీ చెప్పడం లేదు, అవి ప్లాంటు గురించి ఉన్నాయంతే. వారాల వారీ బీరువా తీసేసి స్థలాల వారీ బీరువా పెట్టినట్టయింది. గంట పోయింది.

రెండోసారి వేరే చోట మొదలుపెట్టింది. రేపు పదకొండింటికి ఆ గది నుంచి బయటికొచ్చేలోపు డెయిరీ యజమాని దేనికి సరే అనాలి, దేనికి వద్దనాలి? ఆ ఒక్క ప్రశ్న కాగితం పైన రాసుకుంది. తర్వాత ఒక్కో స్లైడు బొమ్మ వెనక పెన్సిల్‌తో ఒక వాక్యం రాసింది, "ఇది చూశాక ఆయనకి కొత్తగా ఏం తెలుస్తుంది?" అన్నదానికి జవాబుగా. వాక్యంలో క్రియ ఉండి తీరాలని నియమం పెట్టుకుంది. డేటా విశ్లేషణ 2 అన్న స్లైడు వెనక ఇలా వచ్చింది: "వెనక్కి వచ్చే ప్రతి 10 ప్యాకెట్లలో దాదాపు 6 కేవలం 11 రూట్ల నుంచే వస్తున్నాయి." ఇలాంటి శీర్షికనే ఆఫీసుల్లో యాక్షన్ టైటిల్ అంటారు. విషయం పేరు కాకుండా విషయం ఏమంటోందో చెప్పే శీర్షిక. కొన్ని స్లైడ్ల వెనక ఎంతసేపు ఆలోచించినా ఏ వాక్యమూ రాలేదు. మార్కెట్ గురించిన ఏడు స్లైడ్లూ అలాంటివే. పెరుగు మార్కెట్ పెరుగుతోందని డెయిరీ యజమానికి మనం చెప్పనక్కర్లేదు.

వాక్యాలు రాస్తుండగానే అసలు ప్రమాదం బయటపడింది. 14వ స్లైడు ప్రకారం రిటర్న్స్ 9 శాతం. 31వ స్లైడు ప్రకారం 6.5 శాతం. పదిహేడు స్లైడ్ల ఎడంలో ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. రెండు వాక్యాలూ బల్ల మీద పక్కపక్కన పడేసరికి దాగలేకపోయాయి. రెండింట్లోనూ వెనక్కి వచ్చిన ప్యాకెట్లు రోజుకి 5,400 అనే ఉంది. పైఅంకె ఒకటే అయి శాతం మారిందంటే కింది అంకె మారి ఉండాలి. ఎక్సెల్ షీటు తెరిచింది. రోజూ బయటికెళ్లే పెరుగు ప్యాకెట్లు 60,000. 5,400ని దానితో భాగిస్తే 9 శాతం. 31వ స్లైడు వేసినవారు మజ్జిగ ప్యాకెట్లు 23,000 కూడా కలిపి 83,000తో భాగించారు. మజ్జిగ రిటర్న్స్ మాత్రం పైన కలపలేదు. అందుకే 6.5 వచ్చింది. 9 సరి, 6.5 తప్పు.

ఇక్కడ ఇంటర్న్ హద్దు ఏమిటన్నది ముఖ్యమైన సంగతి. స్లైడ్ల వరస మార్చడం ఒక ఎత్తు, అంకె మార్చడం ఇంకో ఎత్తు. ఎవరికీ చెప్పకుండా అంకె దిద్దితే, రేపు గదిలో మేనేజర్ పాత అంకె నోటితో చెబుతుంది, గోడ మీద కొత్తది ఉంటుంది. అందుకని రాత్రి పదకొండు నలభైకి ఫోన్ చేసింది.

"మేడమ్, ఈ టైములో చేస్తున్నందుకు ఏమనుకోకండి. 31లో శాతం తప్పు పడింది. మజ్జిగ కలిసిపోయింది."

అటు కొంచెంసేపు మాట లేదు. "షీటు చూశావా?"

"చూశానండి, రెండుసార్లు. ఇంకోటి మేడమ్. వరస మార్చి చూశాను. 38లో ఉన్నదాన్ని మొదటికి తెస్తే తొమ్మిది స్లైడ్లలో కథ అయిపోతోంది. మిగతావన్నీ వెనక బ్యాకప్‌లో పెడతాను, ఒక్కటీ తీసేయను. మీరు చూసి వద్దంటే పాతదే తీసుకెళ్దాం."

"కోల్డ్ రూమ్ ఎక్కడ పెట్టావు?"

ఈ ప్రశ్నకో వెనక కథ ఉంది. పాత డెక్ చివర్లో మూడు సిఫార్సులు సమానంగా పక్కపక్కన ఉన్నాయి: మూడు ఊళ్లలో కోల్డ్ రూములు కట్టడం, వ్యాన్ల లోడింగ్ వేళలు మార్చడం, ఏజెంట్ల ఇండెంట్ పద్ధతి మార్చడం. ఇండెంట్ అంటే రేపటికి ఎన్ని ప్యాకెట్లు కావాలో ఏజెంట్ ఇవాళ రాసిచ్చే లెక్క. మూడింట్లో కోల్డ్ రూములకే ఖర్చెక్కువ. కానీ వాక్యాలన్నీ పేర్చి చూస్తే దానికి ఆసరాగా నిలిచే ఆధారం అన్నిటికన్నా తక్కువ.

"తీసేయనా మేడమ్?"

"వద్దు. పార్ట్‌నర్ ఆయనకి నోటితో చెప్పి ఉన్నారు. తీసేసే నిర్ణయం నీదీ కాదు, ఈ రాత్రికి నాదీ కాదు. మూడోదిగా పెట్టు. మొదటి రెండూ చేశాక అవసరమైతేనే అని రాయి. పార్ట్‌నర్‌కి పొద్దున్నే నేను చెబుతాను. ఒంటిగంటన్నరకల్లా పంపు, చూస్తాను."

కొత్త వరస ఇలా నిలబడింది. మొదటి స్లైడులో జవాబు మొత్తం నాలుగు వాక్యాల్లో. రెండోది రోజుకి 60,000 వెళ్తే 5,400 వెనక్కి వస్తున్నాయని. మూడోది వాటిలో 3,200 కేవలం 11 రూట్లవని. మొత్తం రూట్లు 46. ఆ 11 రూట్లకి వెళ్లేది 14,000 ప్యాకెట్లే, అంటే అక్కడ దాదాపు నాలుగింట ఒకటి వెనక్కి వస్తోంది. మిగతా 35 రూట్లలో 46,000కి 2,200, అంటే ఐదు శాతం లోపు. 9 శాతం అన్న సగటు ఇన్నాళ్లూ ఈ తేడాని కప్పేసింది. ఊరంతా కొద్దిగా జబ్బుపడిందనుకున్నారు, నిజానికి ఒక్క వీధే బాగా జబ్బుపడి ఉంది.

నాలుగో స్లైడు దగ్గర ఆమెకి ఒక మనిషి సాయం అవసరమైంది. క్లయింటు కాగితాలు ఆఫీసు దాటి బయటివాళ్ల కంట పడకూడదు, ఇంటికి ఫోన్ చేసి వినిపించడానికి లేదు. అదే అంతస్తులో ఇంకో ప్రాజెక్టు మీద పనిచేస్తున్న అనలిస్టు ఉన్నాడు. "అన్నా, రెండు నిమిషాలు. శీర్షికలు మాత్రమే చదువుతాను, ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆపు" అంది. మూడో శీర్షిక కాగానే అతను ఆపాడు. "ఆ పదకొండే ఎందుకు?"

ఆమె నాలుగో స్లైడులో పెట్టుకున్నది ప్లాంటు లోడింగ్ గురించి. వినేవాడి ప్రశ్నకి జవాబు అది కాదు, ఇంకో మెట్టు కింద ఉంది. జవాబు పాత డెక్‌లో రెండు చోట్ల ముక్కలై ఉంది. 22వ స్లైడులో ఏజెంట్ల మాట: వ్యాన్ ఆలస్యమైతే పొద్దుటి గిరాకీ పోతుంది, మిగిలిన ప్యాకెట్ ఫ్రిజ్ లేని కొట్లో మర్నాటికి పులుస్తుంది. 29వ స్లైడులో వ్యాన్లు ఏ రూటుకి ఎన్నింటికి చేరుతున్నాయో పట్టిక. ఒకటి మాటలు, ఇంకోటి అంకెలు కావడంతో వేరువేరు అధ్యాయాల్లోకి పోయాయి. రెండూ ఒకే స్లైడు మీదికి తెచ్చింది. ఆ 11 రూట్లలో 9 రూట్లకి వ్యాన్ ఎనిమిది దాటాకే చేరుతోంది. మిగతా 35లో అలా ఆలస్యమయ్యేవి నాలుగే.

శీర్షికగా మొదట "ఆలస్యం వల్లే రిటర్న్స్" అని రాసి, కొట్టేసింది. రెండు రూట్లకి వ్యాన్ వేళకే చేరుతున్నా ప్యాకెట్లు వెనక్కి వస్తున్నాయి కదా. నాలుగు రూట్లకి ఆలస్యమైనా రావడం లేదు కదా. చివరికి రాసింది: "రిటర్న్స్ ఎక్కువున్న 11 రూట్లలో 9 రూట్లకి వ్యాన్ 8 తర్వాతే చేరుతోంది, 2 రూట్లకి కారణం ఇంకా తెలియదు."

ఆ చివరి ముక్క ఉంచడం ఆమె ఆ రాత్రి చేసిన పనులన్నిటిలోకీ మంచిదని నా అభిప్రాయం. శీర్షిక ధాటిగా ఉండాలన్న తపనలో స్లైడు కింద ఉన్న నిజాన్ని తొక్కేయడం చాలా తేలిక. దాని ఫలితం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయల్దేరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్కకి తగిలింది. నౌక ఇంకా పైన ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు ఆ దెబ్బ గురించి నాసాకి స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాని శీర్షిక, పాత పరీక్షల వివరాలు భద్రతవైపే మొగ్గుతున్నాయన్న భరోసా ఇచ్చేలా ఉంది. ఆ పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు అన్న సంగతి అదే స్లైడులో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆరువందల రెట్లకి పైగా తేడా. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాద కారణం ఆ నురగ ముక్క దెబ్బే, స్లైడు కాదు. కానీ దర్యాప్తు సంఘం తన నివేదికలో ఆ స్లైడుకి ప్రత్యేకంగా చోటిచ్చింది. సమాచారాన్ని ఎలా చూపాలన్న విషయం మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణని అందులో చేర్చింది. శీర్షిక ఒకటి చెప్పి అడుగు వాక్యం ఇంకోటి చెబుతుంటే, పైనున్నవాళ్లు చదివేది శీర్షికనే.

ఐదో స్లైడులో లోడింగ్ సంగతి: ఆ రూట్ల వ్యాన్లు ప్లాంటులో అన్నిటికన్నా చివర నిండుతున్నాయి. ఆరోది ఇండెంట్ల గురించి. ఏడోది, ఆ 11 రూట్లు కూడా మిగతావాటి స్థాయికి దిగితే రోజుకి సుమారు 2,500 ప్యాకెట్లు మిగులుతాయన్న లెక్క. ఎనిమిదోది మూడు సిఫార్సులు, ఏది ముందు ఏది తర్వాత అన్న వరసతో. తొమ్మిదోది రేపు ఆయన్ని అడగబోయేది: మూడు రూట్లలో నాలుగు వారాలు లోడింగ్ ముందుకి జరిపి చూద్దామా? ఈ తొమ్మిదీ పాత 13 స్లైడ్ల నుంచి తయారయ్యాయి. మిగతా 30 బ్యాకప్‌లోకి వెళ్లాయి. పాత నంబరుకి కొత్త నంబరు ఏదో చూపే పట్టిక వేసి మేనేజర్‌కి పంపింది. లేకపోతే రాత్రంతా పాత వరసే మనసులో ఉన్న మనిషి గదిలో తడుముకుంటుంది.

పంపేముందు ఇంకో అరగంట చిల్లర పని పట్టింది, డెక్ తిరగేసినప్పుడు దెబ్బతినేది ఇక్కడే. "31వ స్లైడు చూడండి" లాంటి మాటలు లోపల ఎక్కడెక్కడో ఉంటాయి, నంబర్లు మారగానే అవి తప్పుదారి పట్టిస్తాయి. చార్టులు ఎక్సెల్‌కి ముడిపడి ఉంటే కొత్త ఫైల్లో ఆ ముడి తెగవచ్చు. స్లైడు కింద నోట్స్‌లో బృందం తమలో తాము రాసుకున్న మాటలు ఉండిపోతాయి. ఈ డెక్‌లో కూడా ఒక స్లైడు నోట్స్‌లో "ఈ అంకె క్లయింటు ఒప్పుకోడు, మాట్లాడాలి" అని ఉంది. అది ఫైలుతో పాటు క్లయింటు చేతికే వెళ్లేది. అన్నీ చూసి, v17ని ముట్టుకోకుండా అలాగే ఉంచి, కొత్తదాన్ని v18గా దాచి, ఒంటిగంట నలభైకి పంపింది. మేనేజర్ రెండు వాక్యాలు మార్చి, రెండున్నరకి "ఇదే తీసుకెళ్దాం" అని రాసింది.

ఉదయం గదిలో డెయిరీ యజమాని, ఆయన మార్కెటింగ్ మేనేజర్, ప్లాంటు ఇన్‌ఛార్జి కూర్చున్నారు. మేనేజర్ నాలుగో స్లైడు దాకా పదిహేను నిమిషాల్లో వచ్చింది. "2 రూట్లకి కారణం ఇంకా తెలియదు" అన్న చోట యజమాని చేయి ఎత్తాడు.

"ఏమిటమ్మా ఆ రెండు రూట్లు?"

వెనక కూర్చున్న ఇంటర్న్ పేర్లు చెప్పింది. ఆయన మార్కెటింగ్ మేనేజర్ వైపు తిరిగాడు. "వాళ్లిద్దరూ పండక్కి ఇచ్చిన ఇండెంటే నెలంతా నడిపిస్తారయ్యా. మనం ఎప్పుడైనా అడిగామా?" అడగలేదని ఆయన ఒప్పుకున్నాడు. అక్కణ్ణుంచి మిగతా నలభై నిమిషాలూ లోడింగ్ వరస గురించీ, ఇండెంట్ల గురించీ డెయిరీవాళ్లే మాట్లాడుకున్నారు. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్న స్లైడ్లు గోడ మీదకి రాలేదు. కోల్డ్ రూముల ఊసెత్తినప్పుడు ఆయనే "ముందు ఇది చూద్దాం" అన్నాడు. నేరుగా తొమ్మిదో స్లైడుకి వెళ్లి, మూడు రూట్లకి బదులు ఐదు రూట్లలో నాలుగు వారాలు చేసి చూద్దామని ఒప్పుకుని లేచారు.

మీ బల్ల మీద రేపటి మీటింగుకి సిద్ధమైన డెక్ ఏదైనా ఉంటే, ఇవాళే శీర్షికలు మాత్రం ఒక కాగితం మీద వరసగా రాయండి. మీ ఆఫీసులోనే ఆ పనితో సంబంధం లేని ఒకరిని కూర్చోబెట్టి చదివి వినిపించండి. వాళ్లు ఏ శీర్షిక దగ్గర "ఎందుకు?" అంటారో అక్కడ గీత పెట్టుకోండి. ఆ తర్వాతి స్లైడు ఏమై ఉండాలో వాళ్లు చెప్పేసినట్టే.